పొడి తాగినా తగ్గిన బరువు: 64 ఏళ్ల శాకాహారి విషయంలో ప్రోటీన్, క్యాలరీల లెక్క

ఈ కేసులోని వ్యక్తి 64 ఏళ్ల మహిళ, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, కోస్తా జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో భర్తతోనూ అత్తగారితోనూ ఉంటున్నారు. పూర్తి శాకాహారి, పాలు, పెరుగు తీసుకుంటారు, గుడ్డు ముట్టరు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఏడాది కిందట ఆమె బరువు 57 కిలోలు, ఎత్తు 153 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు ఆ బరువుతో బీఎంఐ 24 దాటుతుంది. మన దేశంలో 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క కాబట్టి, షుగర్ కూడా ఉంది కాబట్టి, కాస్త తగ్గమని చెప్పారు. ఆమె మాట తప్పని మనిషి. పొద్దున ఇడ్లీ మానేసి రాగి జావ, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు మొదలుపెట్టి, పది నెలల్లో మూడున్నర కిలోలు తగ్గారు. మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.4కు దిగింది. అంతవరకు అందరూ సంతోషించారు. ఆ తర్వాత పూజ దగ్గర పీట మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తోందని, మేడ మెట్లు ఎక్కితే తొడలు వణుకుతున్నాయని చెప్పడంతో, కండ తగ్గుతోందేమోనని విదేశంలో ఉన్న కొడుకు ఒక వే ప్రోటీన్ పొడి డబ్బా పంపించాడు. ఆమె రాత్రి పుల్కాలు మానేసి, వాటి బదులు నీళ్లలో ఒక స్కూపు కలిపి తాగడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో మరో కిలోన్నర పోయింది. నా దగ్గరకు వచ్చేసరికి బరువు 52 కిలోలు. "రాత్రిపూట పొడి తాగుతూనే ఉన్నాను కదమ్మా, ఇంకా ఈ నీరసం ఏమిటి?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. ఈ కేసులో తేల్చవలసినది కూడా అదే.

పరీక్షల్లో కనిపించినది

52 కిలోల దగ్గర బీఎంఐ 22. చూడడానికి బక్కగా లేరు, పట్టికలో ఆరోగ్యకరమైన బరువు వరుసలోనే ఉన్నారు. ఇలాంటివాళ్లలో కండ తగ్గిన సంగతి ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణం ఇదే. అందుకే బరువుతో పాటు మూడు కొలతలు తీసుకున్నాము. చేతి పట్టు 15.5 కిలోలు వచ్చింది. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఆడవాళ్లలో ఇది 18 కిలోల కంటే తగ్గకూడదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15.8 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకు మించితే బలహీనత ఉన్నట్టే. పిక్క చుట్టుకొలత 30.5 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 33 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. కండ పరిమాణాన్ని డెక్సా వంటి పరీక్షతో కొలవలేదు కాబట్టి దీనిని నిర్ధారణ అయిన సార్కోపీనియా, అంటే వయసుతో కండ, బలం తగ్గిపోయే జబ్బు అనకుండా, ఉండే అవకాశం ఉన్న కేసుగానే రాసుకున్నాము. చికిత్స మొదలుపెట్టడానికి అది చాలు.

తిండి తగ్గించుకున్నారని తెలిసినా, ఏడాదిలో దాదాపు తొమ్మిది శాతం బరువు పోతే దానిని తిండి ఖాతాలో వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్, రక్తహీనత, బీ12, ఛాతీ ఎక్స్‌రే, నోటిలో పళ్ల పరిస్థితి, ఇంకా డాక్టరు అవసరమనుకున్న పరీక్షలు చూశాకే ఆహారం లెక్కకు వచ్చాము. బీ12 కొంచెం తక్కువగా ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే శాకాహారుల్లో ఇది తరచుగా కనిపించేదే, డాక్టరు మాత్రలు రాశారు.

ప్రోటీన్ పెంచే ముందు కిడ్నీల సంగతి తప్పనిసరిగా చూడాలి. క్రియాటినిన్ 0.9, దాని మీద లెక్కగట్టిన కిడ్నీల వడపోత వేగం, అంటే ఈజీఎఫ్‌ఆర్ 71, మూత్రంలో ఆల్బుమిన్ మామూలుగా ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్రియాటినిన్ కండ నుంచే వస్తుంది కాబట్టి, కండ తగ్గినవాళ్లలో అది తక్కువగా కనిపించి, కిడ్నీ ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు చూపిస్తుంది. ఆమెది 71 కాబట్టి, ఆల్బుమిన్ కూడా లేదు కాబట్టి ముందుకు వెళ్లాము; అదే 60 దగ్గర తచ్చాడుతూ ఉంటే కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సీ పరీక్ష అడిగేవాళ్లం. 60 కంటే తక్కువ ఉన్నవాళ్లకు కిడ్నీ డాక్టరుతో మాట్లాడకుండా నేను ప్రోటీన్ పెంచను. 30 కంటే తక్కువ ఉండి డయాలసిస్ మొదలుకానివాళ్లకు ఈ కేసులో ఇచ్చిన లెక్క ఏదీ వర్తించదు.

ఆమె నిజంగా తిన్నది ఎంత

పొడి మొదలుపెట్టక ముందు రోజు ఎలా ఉండేదో మొదట లెక్కించాము. పొద్దున చక్కెర లేని కాఫీ, 30 గ్రాముల రాగిపిండి జావలో కాస్త మజ్జిగ: కలిపి 6 గ్రాముల ప్రోటీన్, 170 క్యాలరీలు. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం అన్నం, పప్పు, కూర, చారు, ఒక చిన్న గిన్నెడు పెరుగు: 16 గ్రాములు, 580 క్యాలరీలు. సాయంత్రం కాఫీ, రెండు బిస్కెట్లు: 3 గ్రాములు, 100 క్యాలరీలు. రాత్రి రెండు పుల్కాలు, కూర, పలుచని మజ్జిగ: 9 గ్రాములు, 290 క్యాలరీలు. రోజు మొత్తానికి 34 గ్రాముల ప్రోటీన్, 1140 క్యాలరీలు.

"పప్పు రోజూ తింటానండీ" అని ఆమె చెప్పింది నిజమే, కానీ ఎంత పప్పు అన్నది ఎవరూ అడగలేదు. అందుకని ఇంట్లో వండేటప్పుడే తూకం వేయమన్నాను. ముగ్గురికీ కలిపి 100 గ్రాముల కందిపప్పుతో టమాటా పప్పు చేస్తే, ఉడికి తాలింపు పడ్డాక గిన్నెలో 520 గ్రాములు ఉంది. ఆ ఇంటి గరిటెడు పప్పు 65 గ్రాములు తూగింది. అంటే ఒక గరిటెలో ఉన్న పచ్చి కందిపప్పు పన్నెండున్నర గ్రాములు, దానిలోని ప్రోటీన్ 2.7 గ్రాములు. ఆమె వేసుకునేది గరిటెన్నర. పప్పన్నం తిన్నామనే తృప్తికీ, పప్పు నుంచి అందిన నాలుగు గ్రాములకూ మధ్య ఉన్న దూరం ఈ తూకంతోనే ఆమెకు అర్థమైంది. ఏ ఇంటి పప్పు గట్టితనం ఆ ఇంటిది కాబట్టి, కప్పు పప్పుకు ఇన్ని గ్రాములని అచ్చువేసిన పట్టికల కంటే ఈ పద్ధతి మేలు: పచ్చి పప్పు ఒకసారి, ఉడికినది ఒకసారి, గరిటె ఒకసారి తూచితే చాలు, ఆ తర్వాత గరిటెల లెక్కే సరిపోతుంది.

పొడి మొదలుపెట్టాక ఏమైందో చూద్దాం. స్కూపులో 24 గ్రాముల ప్రోటీన్, 120 క్యాలరీలు. రాత్రి భోజనంలో పోయినవి 9 గ్రాములు, 290 క్యాలరీలు. కాబట్టి రోజు ప్రోటీన్ 34 నుంచి 49 గ్రాములకు పెరిగింది, క్యాలరీలు మాత్రం 1140 నుంచి 970కి పడిపోయాయి. కాగితం మీద ప్రోటీన్ బాగుపడింది. శరీరం మాత్రం అంతకుముందు కంటే ఎక్కువ లోటులోకి వెళ్లింది. లోటు ఉన్నప్పుడు తిన్న ప్రోటీన్‌లో కొంత భాగం ఇంధనంగానే ఖర్చవుతుంది, కండ తయారీకి మిగిలేది తగ్గుతుంది. వంటచెరకు చాలక కొత్త తలుపు చెక్కనే పొయ్యిలో పెట్టుకున్నట్టయింది ఆ పొడి వ్యవహారం.

అవసరం ఎంత

క్యాలరీల లెక్కకు మిఫ్లిన్ సూత్రం వాడాను. ఆడవాళ్లకు అది ఇలా ఉంటుంది: బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి కలిపి, దానిలోంచి వయసుకు ఐదింతలు, ఆపైన 161 తీసివేయాలి. ఆమెకు 520, 956 కలిపి, 320, 161 తీసేస్తే 995 వస్తుంది. ఇది మంచం మీద కదలకుండా ఉన్నా శరీరం ఖర్చుపెట్టేది. ఇంటిపని, పొద్దుటి నడక కలుపుకుని 1.4 నుంచి 1.5తో హెచ్చిస్తే, బరువు నిలబడడానికి 1400 నుంచి 1500 క్యాలరీలు కావాలి. వయసు పైబడినవారికి కిలోకు 30 క్యాలరీలు అన్న యూరప్ మార్గదర్శకం ప్రకారం చూస్తే 1560. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

ఈ లెక్కలను మరీ నమ్ముకోకూడదు కూడా. 1140 తింటూ 1450 ఖర్చుపెట్టి ఉంటే పది నెలల్లో ఆమె పోగొట్టుకోవలసిన బరువు మూడున్నర కిలోలకు రెండింతలు దాటాలి. అంటే ఆమె చెప్పినదానికంటే నిజంగా కాస్త ఎక్కువే తిని ఉండాలి. గుడిలో ప్రసాదం, పక్కింటివాళ్లు ఇచ్చిన జంతికలు, కూరలో రెండోసారి పోసిన నూనె ఎవరికీ గుర్తుండవు. తక్కువ తిన్నప్పుడు శరీరం ఖర్చు తగ్గించుకోవడం మరో కారణం. అందుకే సూత్రం మొదటి అంకె ఇస్తుందంతే, తీర్పు చెప్పేది తూనికే: వారంలో ఒకేరోజు, పొద్దున లేచాక, కాఫీకి ముందు చూసుకున్న బరువు నాలుగు వారాల్లో ఎటు పోతోందన్నదే అసలు కొలత. పొడి వాడిన రెండు నెలల్లో బరువు అంతకుముందు కంటే వేగంగా తగ్గడం, రోజుకు 170 క్యాలరీల అదనపు కోతతో పొసిగే విషయమే.

ప్రోటీన్ విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు సిఫారసు చేసేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. వయసు పైబడినవారి కోసం 2013, 2014 సంవత్సరాల్లో వెలువడిన రెండు అంతర్జాతీయ నిపుణుల నివేదికలు, ఆరోగ్యంగా ఉన్నవారికే 1.0 నుంచి 1.2 గ్రాములు, జబ్బు వల్లనో పోషణ లోపం వల్లనో తగ్గినవారికి 1.2 నుంచి 1.5 వరకు అని సూచించాయి. ఈమెకు 1.25 గ్రాముల లెక్కన 65 గ్రాములు పెట్టుకున్నాను.

ఇక పూటకు ఎంత అన్నది. వయసు మీరిన కండ కొద్దిపాటి ప్రోటీన్‌కు సరిగా స్పందించదు. యువకులకు ఒక పూటకు కిలోకు 0.24 గ్రాములతో కండ తయారీ గరిష్ఠానికి చేరితే, పెద్దవారికి దాదాపు 0.4 గ్రాములు కావలసి వచ్చిందని 2015లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. 52 కిలోలకు అది 21 గ్రాములు. ఆమె పాత లెక్క ఆరు, పదహారు, తొమ్మిది. ఒక్క పూట కూడా ఆ గీతను అందుకోలేదు. అయితే ఈ 0.4 అంకె ప్రయోగశాలలో ఒక్క పూట ఇచ్చి కొలిచిన అధ్యయనాల నుంచి, అదీ ఎక్కువగా పాల ప్రోటీన్, గుడ్డు వంటి వాటితో వచ్చినది. రోజు మొత్తం సరిపోయినప్పుడు దానిని మూడు పూటలా సమానంగా పంచినంత మాత్రాన నెలల తర్వాత కండ పెరుగుతుందని దీర్ఘకాల పరీక్షలు స్పష్టంగా తేల్చలేదు. నా మటుకు నేను పూట లెక్కను ఒక ఆచరణ సూత్రంగానే వాడతాను: 64 ఏళ్ల మనిషి, అందులోనూ శాకాహారి, 65 గ్రాములను ఒక్క మధ్యాహ్న భోజనంలో తినలేరు, మూడు పూటలకూ పంచితేనే రోజు మొత్తం అందుతుంది.

కండ తయారీని మొదలుపెట్టించే అమైనో ఆమ్లం ల్యూసిన్ పప్పుల ప్రోటీన్‌లో పాల కంటే తక్కువ, అరుగుదల కూడా కొంచెం తక్కువ. ఆ లెక్కన పూటకు 25 నుంచి 30 గ్రాములు పెట్టాలని వాదించవచ్చు. కానీ పప్పుదినుసులతో 30 గ్రాములంటే ఆ కంచం ఆమె ముగించలేరు. ముగించలేని కంచం వల్ల క్యాలరీలు మళ్లీ పడిపోతాయి. అందుకే 20 గ్రాముల దగ్గర ఆగి, ప్రతి పూటా పప్పుదినుసుతో పాటు పాలకు సంబంధించినది ఒకటి తప్పకుండా ఉండేటట్టు చూశాను.

మార్చిన భోజనం

పొద్దున జావ తీసేసి పెసరట్టు పెట్టాము. 50 గ్రాముల పెసలు, పిడికెడు కూడా లేని బియ్యం కలిపి రుబ్బితే రెండు అట్లు వస్తాయి. పైన 30 గ్రాముల పనీర్ తురుము, రెండు చెంచాల నూనె, అల్లం పచ్చడి, కాఫీ. ఇది 20 గ్రాముల ప్రోటీన్, 420 క్యాలరీలు. రోజూ పెసరట్టు విసుగు కాబట్టి రోజు విడిచి రోజు అదే కొలతలో మినపపప్పు, శనగపప్పు కలిపిన అట్టు. ఇడ్లీ అడిగారు, నాలుగు ఇడ్లీలకు కూడా ఎనిమిది గ్రాములకు అటూఇటూగానే వస్తుంది కాబట్టి, ఇడ్లీ రోజున గట్టి సాంబారు, పక్కన గ్లాసు పాలు తప్పవని చెప్పాను.

మధ్యాహ్నం అన్నం తగ్గించలేదు, పెంచలేదు. పప్పును 20 గ్రాముల నుంచి 35 గ్రాములకు, అంటే ఆ ఇంటి గరిటెతో దాదాపు మూడు గరిటెలకు పెంచాము. పెరుగు 150 గ్రాములు, అన్నంలో ఒక చెంచా నెయ్యి. ఇరవై గ్రాముల పైచిలుకు, 660 క్యాలరీలు. సాయంత్రం బిస్కెట్ల బదులు కాఫీతో గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు. రాత్రి పుల్కాలు రెండూ తిరిగి వచ్చాయి, వాటితో 35 గ్రాముల బొబ్బర్లో శనగలో నానబెట్టి వండిన కూర, 150 గ్రాముల పెరుగు: 18 గ్రాములు, 480 క్యాలరీలు. రోజు మొత్తం 65 గ్రాములు, 1680 క్యాలరీలు. బరువు నిలబడడానికి కావలసినదానికి సుమారు 200 ఎక్కువ పెట్టింది కావాలనే. పోయిన ఐదు కిలోలూ తిరిగి రావాలని కాదు, 54 దగ్గర ఆగితే చాలు.

పొడిని పారేయమనలేదు. రాత్రి కూర ఆనపకాయో దొండకాయో అయి గింజలేమీ లేని రోజున మాత్రం, భోజనం పూర్తిగా చేశాక, గ్లాసు పాలలో అర స్కూపు.

వీటన్నిటికీ తోడు కండకు బరువు పడే పని కావాలి. ఆమె పొద్దుటి నడక షుగర్‌కు మంచిదే గాని తొడ కండను పెంచడానికి చాలదు. ఫిజియోథెరపిస్టు వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, మడమలెత్తడం, రబ్బరు బ్యాండుతో లాగడం నేర్పించి, నెల నెలా భారం పెంచుతూ వచ్చారు.

ఎక్కడ చిక్కు వచ్చింది

మొదటి వారంలోనే పొట్ట ఉబ్బరం వచ్చింది. పప్పు ఒక్కసారిగా పెంచేశారు. దానిని వెనక్కి తీసుకుని నాలుగైదు రోజులకు ఐదు గ్రాముల చొప్పున పెంచమన్నాను; బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, పెసలు కాస్త మొలకెత్తనివ్వడం, ఇంగువ, జీలకర్ర వేయడంతో మూడో వారానికి సర్దుకుంది. ఉబ్బరాన్ని పట్టించుకోకపోతే జరిగేది ఒకటే: పప్పు తిని, కడుపు నిండిపోయిందని అన్నం వదిలేస్తారు. ఆమె కూడా రెండు రోజులు అదే చేశారు.

షుగర్ పెరుగుతుందన్న భయం ఇంకొకటి. తిన్న రెండు గంటలకు చూసుకున్న రీడింగులు జావ రోజుల కంటే పెసరట్టు రోజుల్లో తక్కువగానే వచ్చాయి. జావ పలుచగా, మెత్తగా ఉండి గబగబా అరుగుతుంది; రాగి మంచిదన్న మాట విని షుగర్ ఉన్నవాళ్లు దానిని గ్లాసులకు గ్లాసులు తాగడం నేను తరచుగా చూస్తుంటాను.

మూడో చిక్కు కార్తీక మాసంలో. సోమవారాలు పగలంతా ఉపవాసం, నక్షత్ర దర్శనం అయ్యాకే భోజనం. మానమని చెప్పడం నా పని కాదు, చెప్పినా వినరు. వాళ్లింటి ఆచారం ఒప్పుకునే మేరకు పగలు రెండుసార్లు పాలు, పండ్లు, రాత్రి పూర్తి భోజనంతో పాటు నానబెట్టిన పెసరపప్పు తీసుకున్నారు. మందు వేళల విషయం మాత్రం ముందే డాక్టరుతో మాట్లాడాము. ఆ నెల బరువు పెరగలేదు, తగ్గనూ లేదు.

ఫలితం

పన్నెండు వారాలకు బరువు 53.1 కిలోలు, కుర్చీ పరీక్ష 12.9 సెకన్లు, చేతి పట్టు 16.8 కిలోలు. కుర్చీ పరీక్షలో ఇంత త్వరగా వచ్చిన మెరుగు కండ పెరగడం వల్ల కాదు, నరాలు ఆ పనికి అలవాటు పడడం వల్ల ఎక్కువ. ఆ దశలో దానిని ప్రోటీన్ ఖాతాలో వేయకూడదు. ఇరవై నాలుగు వారాలకు బరువు 53.8, కుర్చీ పరీక్ష 11.4 సెకన్లు, చేతి పట్టు 17.6, పిక్క చుట్టుకొలత 31.2 సెంటీమీటర్లు. నడుము చుట్టుకొలత అర సెంటీమీటరే పెరిగింది. పిక్క పెరిగి నడుము దాదాపు అలాగే ఉంటే వచ్చిన బరువులో కొవ్వు మరీ ఎక్కువ లేదనుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ 6.5. క్రియాటినిన్ 0.9 నుంచి కదల్లేదు, మూత్రంలో ఆల్బుమిన్ లేదు.

చేతి పట్టు ఇంకా 18కి చేరలేదు కాబట్టి కేసు మూసివేయలేదు. ఇప్పుడు క్యాలరీలు 1680 దగ్గరే ఉంచి, చేతులకు బ్యాండు వ్యాయామం పెంచాము. బరువు 54 దాటి పెరుగుతూ, నడుము కూడా దానితో పాటు పెరిగితే తగ్గించవలసిన క్రమం ఆమె డైరీలో రాసి ఇచ్చాను: మొదట నెయ్యి, అట్టు నూనెలో ఒక చెంచా, అప్పటికీ ఆగకపోతే మధ్యాహ్నం బియ్యంలో 20 గ్రాములు. పప్పు గరిటెలు, పెరుగు, రాత్రి గింజల కూర మాత్రం తగ్గించకూడదు. కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకొకసారి. ఈజీఎఫ్‌ఆర్ 60 కిందకు వస్తే ఈ 65 గ్రాముల లెక్కను పక్కనపెట్టి, కిడ్నీ డాక్టరుతో కలిసి కొత్తగా వేసుకోవాలి.